ముందు ముక్కు నీడ చూడండి

పెళ్లిసంబంధం కోసం వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తుంది. ఫోను ఇంట్లో చేతులు మారుతుంది. "కళ్ల కింద నలుపు చూశారా, ఆరోగ్యం ఎలా ఉంటుందో" అంటారు ఒకరు. "ముఖంలో కోపం కనిపిస్తోంది" అంటారు ఇంకొకరు. "చామనఛాయ అని రాశారు గానీ అంతకన్నా తక్కువే" అని మూడోవారు తేల్చేస్తారు. నిమిషం తిరక్కుండా ఒక మనిషి మీద మూడు తీర్పులు పడిపోయాయి. ఇందులో ఆ మనిషికి చెందినవి ఎన్ని, ఆ వేళ ముఖం మీద పడిన వెలుతురుకి చెందినవి ఎన్ని? దీన్ని విడదీసి చూడటం నేర్చుకోవచ్చు. అందుకు ఒక ఫోను, ఒక రోజు, ఓపికగా నిలబడే ఒక మనిషి ఉంటే సరిపోతుంది.

పరిచయం లేని ముఖాన్ని ఫొటోలో పోల్చుకోవడంలో మనం అనుకున్నంత గట్టివాళ్లం కాదు. 2011లో రాబ్ జెంకిన్స్, మైక్ బర్టన్ తదితర పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. నెదర్లాండ్స్‌లో పేరున్న ఇద్దరి ఫొటోలు, ఒక్కొక్కరివి 20 చొప్పున, మొత్తం 40 కలిపేసి బ్రిటన్‌లోని వాళ్ల చేతికిచ్చారు. ఎవరి ఫొటోలు వాళ్లవిగా కుప్పలు పెట్టమన్నారు. ఆ ఇద్దరినీ ఎరగని బ్రిటిష్‌వాళ్లలో ఎక్కువమంది ఏడెనిమిది మందో, అంతకంటే ఎక్కువమందో ఉన్నారనుకుని అన్ని కుప్పలు పెట్టారు. ఆ ముఖాలు తెలిసిన డచ్చివాళ్లు మాత్రం సునాయాసంగా రెండే కుప్పలు పెట్టారు. అంటే తెలియని మనిషి విషయంలో ఫొటోకీ ఫొటోకీ ఉండే తేడానే మనిషికీ మనిషికీ ఉండే తేడాగా తీసుకుంటాం. సంబంధం ఫొటోలో ఉన్నది ఎప్పుడూ మనకు తెలియని మనిషే.

ఇక మన పరీక్ష. వెలుతురు ఒక్కటే మారాలి, మిగతాదేదీ మారకూడదు. ఒకే మనిషి, అదే చొక్కా, అదే జుట్టు, అదే ఫోను. వెనక కెమెరాతోనే తీయాలి. బ్యూటీ మోడ్, ఫిల్టర్లు తీసేయాలి. కెమెరా కంటి ఎత్తులో ఉండాలి. దూరం ప్రతిసారీ 1.5 మీటర్లు, అంటే దాదాపు 5 అడుగులు. దూరం గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, చెయ్యి చాచి 30 సెంటీమీటర్ల నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. వాళ్లు పోల్చింది 5 అడుగుల నుంచి తీసిన ఫొటోతోనే. ఇంకొకటి, భుజం పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోమనండి. గడ్డం కింద పట్టుకోకూడదు. అక్కడ పెడితే వెలుతురు దాని మీద పడి పైకి తిరిగొచ్చి, మనం చూడాలనుకున్న నీడల్నే చెరిపేస్తుంది.

మా మేనకోడలు ఇందుకు ఒప్పుకుంది. చామనఛాయ పిల్ల. కళ్లు కాస్త లోతు. మే నెల. పన్నెండు దాటాక మేడ మీదికెళ్లాం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అంత చిన్న చోటు నుంచి అంత వెలుతురు రావడంతో నీడ అంచు కత్తితో కోసినట్టు పడుతుంది. కనుబొమల ఎముక కళ్ల మీద నీడ వేసింది. ముక్కు నీడ నేరుగా పై పెదవి మీదికి దిగింది. కింది రెప్ప దగ్గర ఉన్న చిన్న ఉబ్బు తన కింద ఇంకో నీడ గీసింది. మనం నల్లటి వలయం అనుకునేది చాలాసార్లు ఇదే, చర్మం రంగు కాదు. పైగా ఎండకు కళ్లు చికిలించక తప్పదు. కళ్లు చికిలిస్తే కనుబొమలు దగ్గరకొస్తాయి, నుదుటి మధ్య గీత పడుతుంది. కోపం వచ్చినప్పుడు కదిలే కండరం కూడా అదే.

డిసెంబరులో ఇదే ఫొటో తీస్తే ఇంత ఘోరంగా ఉండదు. అప్పుడు హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. దక్షిణం వైపు తిరిగి నిలబడితే కళ్లలోకి వెలుతురు చేరుతుంది.

తర్వాత ఇంట్లోకి వచ్చాం. నేరుగా ఎండ పడని ఉత్తరపు కిటికీ, దాని నుంచి ఒక మీటరు దూరంలో కుర్చీ. ముఖం కిటికీ వైపు సగం తిప్పి కూర్చోమన్నాను. ట్యూబ్‌లైటు ఆపేశాం, లేకపోతే రెండు రంగుల వెలుతురు కలుస్తుంది. ఇక్కడ వెలుతురు వచ్చేది ఒక చుక్క నుంచి కాదు, మూడు నాలుగు అడుగుల వెడల్పున్న కిటికీ అంతటి నుంచీ. ఒక అంచు నుంచి వచ్చే కిరణం వేసిన నీడలోకి ఇంకో అంచు కిరణం దూరుతుంది. అందుకే వెలుగు నుంచి నీడకు మారడం బుగ్గ మీద నెమ్మదిగా జరుగుతుంది. చర్మపు గరుకు సగం మాయమైంది. కళ్లు సహజంగా తెరుచుకున్నాయి. అందరికీ నచ్చింది ఈ ఫొటోనే. కానీ అసలు ముఖం ఇదే అనేస్తే అదీ పొరపాటే. బుగ్గ మీది చిన్న మచ్చ ఎండలో స్పష్టంగా ఉంది, ఇక్కడ కనబడలేదు. మెత్తని వెలుతురు లోపాన్ని దాచడమూ పక్షపాతమే, మనకు హాయిగా ఉంటుంది కాబట్టి గుర్తించం, అంతే.

చీకటి పడ్డాక మూడోది, ఫోను ఫ్లాష్‌తో. ఫ్లాష్ బల్బు లెన్స్ పక్కనే ఉంటుంది. వెలుతురు వెళ్లిన దారినే మనం చూస్తున్నాం కాబట్టి ముక్కు నీడ ముక్కు వెనకే దాక్కుంటుంది. లోతు తెలిపే నీడలు లేక ముఖం బల్లపరుపుగా, కాస్త వెడల్పుగా తోస్తుంది. నుదురు, ముక్కు కొన, బుగ్గ ఎముకల మీద ఉన్న కొద్దిపాటి జిడ్డూ తెల్లగా మెరిసింది. కళ్ల కింది నలుపు మాత్రం దాదాపు పోయింది. పగలు ఆరోగ్యం గురించి అనుమానం పుట్టించిన ఆ నలుపు రాత్రికి లేదంటే, అది ముఖంలో లేదన్నమాట. మూడు ఫొటోల్లోనూ ఉండి ఉంటే నిజంగా చర్మం రంగే అనుకోవాలి.

ఫ్లాష్ చేసే అన్యాయం ఇంకొకటుంది, పెళ్లి గ్రూప్ ఫొటోల్లో. దూరం రెట్టింపయితే దాని వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ముందు వరుస 1.5 మీటర్ల దూరంలో, వెనక వరుస 3 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఒకే రంగున్న అక్కచెల్లెళ్లలో ముందు కూర్చున్న అక్క తెల్లగా, వెనక నిల్చున్న చెల్లెలు నల్లగా పడతారు. ఆ ఫొటో చూసి చెల్లెలికి సంబంధం వద్దన్నవాళ్లు ఉన్నారు. రంగును బట్టి సంబంధం తేల్చడమే నాకు బాధ. కనీసం ఆ రంగైనా ఆమెది కాకపోవడం మరీ బాధ.

రంగు విషయంలో కెమెరా కూడా తన తీర్పు తను కలుపుతుంది. తనకు తానుగా వెలుతురు సరిచేసుకునే కెమెరా మామూలుగా మొత్తం బొమ్మను ఒక మధ్యస్థపు వెలుగుకి తేవాలని చూస్తుంది. తెల్ల గోడ ముందు చామనఛాయ ముఖం ఉంటే గోడను తగ్గించబోయి ముఖాన్నీ నలుపు చేస్తుంది. ముదురు రంగు తలుపు ముందు అదే ముఖం తేలిపోతుంది. ఇప్పటి ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి కొంతవరకు దీన్ని సరిదిద్దుకుంటున్నాయి, పూర్తిగా కాదు. భుజం పక్కన పెట్టిన కాగితం ఇక్కడ సాక్ష్యం చెబుతుంది. కాగితం పసుపుగా ఉంటే ముఖంలోని పసుపు వెలుతురుది. కాగితం బూడిద రంగులో ఉంటే ముఖమూ ఉన్నదానికన్నా ముదురుగా పడింది.

ఈ మూడు ఫొటోల్నీ మా మేనకోడల్ని ఎరగని ముగ్గురు స్నేహితులకు విడివిడిగా, ఒక్కొక్కరికి ఒక్కటే చూపించాను. ఒకరికే మూడూ చూపిస్తే పోల్చి చూసి జాగ్రత్తపడతారు. ఎండ ఫొటో చూసినాయన "కాస్త గడుసు మనిషి, ముప్ఫై దాటి ఉంటాయి" అన్నాడు. కిటికీ ఫొటో చూసినావిడ "నెమ్మదస్తురాలు, ఆలోచనాపరురాలు" అంది. ఫ్లాష్ ఫొటోకి వచ్చిన మాట "కలుపుగోలు పిల్లే, కొంచెం లావు". ముగ్గురే కాబట్టి ఇది రుజువు కాదు, చూసినవాళ్ల అభిరుచులూ ఇందులో కలిసే ఉంటాయి. అయినా ఆ మాటల్ని ఒక కాగితం మీద రాసి, ఏ మాటకు ఏ నీడ కారణమై ఉండొచ్చో పక్కన రాయండి. గడుసుదనం పక్కన చికిలించిన కళ్లు. వయసు పక్కన రెప్ప కింది నీడ. లావు పక్కన నీడల్లేని బుగ్గలు. మూడు ఫొటోల్లోనూ నిలిచినవి మాత్రం మిగల్చండి. మా కాగితం మీద మిగిలినవి లోతైన కళ్లు, సన్నటి గడ్డం, చామనఛాయ. స్వభావం గురించి ఒక్క మాట కూడా మిగల్లేదు.

పరాయి మనిషిది ఒకే ఫొటో మీ చేతిలో ఉన్నప్పుడు మూడు వెలుతురులూ దొరకవు. అప్పుడు ఆ ఒక్కటీ ఎలా తీశారో ఫొటోలోనే వెతకాలి. ముక్కు నీడ తిన్నగా పెదవి మీద ఉంటే వెలుతురు నెత్తి మీది నుంచి పడింది. పక్కకి, అంచు మెత్తగా ఉంటే కిటికీయో నీడపట్టున ఉన్న వరండాయో. ముక్కు నీడే లేకుండా వెనక గోడ మీద మనిషి చుట్టూ నల్లటి అంచు ఉంటే ఫ్లాష్. తర్వాత కంటిపాప పెద్దది చేసి చూడండి. అందులో మెరుపు నాలుగు మూలలుగా ఉంటే కిటికీ, నడిమధ్య చిన్న చుక్కగా ఉంటే ఫ్లాష్, మెరుపే లేకుండా కన్ను చీకటిగా ఉంటే నడినెత్తి ఎండ. బాగా దిద్దిన ఫొటోల్లో, స్టూడియో ఫొటోల్లో ఈ గుర్తులు పనికిరావు. అలాంటప్పుడు "దిద్దని ఫొటో ఇంకోటి, పగటిపూట ఇంట్లో కిటికీ దగ్గర తీసింది ఉంటే పంపుతారా అండీ" అని అడగడంలో తప్పులేదు. వీలైతే వీడియో కాల్‌లో అటూ ఇటూ తల తిప్పుతూ మాట్లాడిన ముఖం ఇంకా మేలు, వెలుతురు కోణం మాటిమాటికీ మారుతుంది కాబట్టి.

మీ ఫొటోనే పంపాల్సి వస్తే రెండు పంపండి. ఒకటి కిటికీ వెలుతురులో, 5 అడుగుల దూరం నుంచి. రెండోది ఆరుబయట, సాయంత్రం నాలుగున్నర తర్వాత, పూర్తిగా నీడలో నిలబడి తీయించుకున్నది. వెనక గోడ మరీ తెల్లగా గానీ మరీ ముదురుగా గానీ ఉండకూడదు. ఆకుపచ్చ గోడకి, ఎర్ర కర్టెన్‌కి దూరంగా ఉండండి, వాటి రంగు బుగ్గ మీదికి వస్తుంది. ఫొటో కింద ఎప్పుడు, ఏ వెలుతురులో తీశారో ఒక ముక్క రాయండి, చూసేవాళ్లకు ఊహించే పని తప్పుతుంది.