ఆవగింజంత కన్ను

చీటీ బడి ఆయమ్మ చేతుల మీదుగా వస్తుంది. పిల్లల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, నాలుగు మడతలు. దాంతోపాటు వారం కిందట పంచిన గ్రూప్ ఫోటో, ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో. పురానాపూల్ దర్వాజా దాటి నాలుగు అడుగులు లోపలికి వేస్తే తగిలే ఒక్క షట్టరు స్టూడియోలో, అద్దం పరిచిన బల్ల మీద ఫోటోగ్రాఫరు చీటీ విప్పి చదువుతాడు. నేను పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

"ఫోటో అన్నకు నమస్తే. మా బిడ్డ ఐదో తరగతి బి సెక్షన్. మూడో లైన్ల ఎడమ దిక్కుకెల్లి నాలుగో పిల్ల. ఫోటోల దాని కండ్లు మూసుకున్నయి. ఇంట్ల అందరు నిలబడి నిద్రపోతుందని నవ్వుతున్నరు, పిల్ల ఏడుస్తుంది. జర కండ్లు తెరిపించుండ్రి. గుర్తుకు దాని ఫోటో పెట్టిన, మల్ల వాపస్ ఇయ్యుండ్రి. పెద్ద పెద్ద కండ్లు పెట్టకుండ్రి అన్నా, దానివి చిన్న కండ్లే. పైసలు ఎంతయితే గంత ఇస్త."

ఆఖరి నుంచి రెండో వాక్యం కింద ఆయన ఎర్ర పెన్నుతో గీత గీస్తాడు. పని మొత్తానికి కొలత అదేనట.

ముందు పిల్లను వెతకాలి. తల్లులు ఎడమ అంటే ఫోటో చూసేవాళ్ల ఎడమ, పిల్లలు ఎడమ అంటే వరసలో నిలబడ్డ తమ ఎడమ. ఈ తేడా వల్ల ఒకసారి వేరే పిల్లకు రిబ్బను రంగు మార్చి పంపాడట. అందుకే పాస్‌పోర్టు ఫోటో పక్కన పెట్టుకుని, భూతద్దంతో మూడో వరస మీద నడుస్తాడు. ఎడమ నుంచి నాలుగు. రెండు జడలు, చెంపన చిన్న మచ్చ. రెప్పలు పూర్తిగా వాలి ఉన్నాయి. ఇదే ఫోటోలో వెనక వరస అబ్బాయి కళ్లు ఆయన అప్పుడే సరిచేశాడు. ఈ పిల్ల మాత్రం తప్పిపోయింది. "కిందికి చూస్తున్నదనుకున్న. తప్పు నాదే," అంటాడు. పైసల సంగతి అక్కడితో తేలిపోతుంది.

తప్పిపోవడం వింతేమీ కాదు. పన్నెండంగుళాల ఫోటోలో నలభై ఇద్దరు పిల్లలుంటే ఒక్కో ముఖం ఏడెనిమిది మిల్లీమీటర్ల వెడల్పు. కన్ను ఒకటిన్నర మిల్లీమీటరు, ఆవగింజంత. 6000 చుక్కల వెడల్పున్న డిజిటల్ బొమ్మలో ఆ కన్ను వాటా ముప్పై చుక్కలు. ఆయన ఈ రోజు చేయబోయేదంతా ఆ ముప్పై చుక్కల లోపలే.

ఇప్పుడు ఫోటో తీసిన ఉదయపు ఫ్రేములన్నీ తెరుస్తాడు. ఒక్కో తరగతికి ఆరు. కెమెరా స్టాండు మీద ఉంటుంది, ఆరింటి మధ్యా కదలదు. పిల్లలను ఎండలో నిలబెడితే కళ్లు చికిలిస్తారు కాబట్టి బడి మేడ నీడలోకి తెస్తాడు, వాళ్ల ముందు తెరిచిన ఆకాశం ఉండేలా. షట్టరు సెకనులో నూట ఇరవై ఐదో వంతు. "అందరు కండ్లు మూయుండ్రి, మూడు అనంగనే తెరువుండ్రి" అని అరుస్తాడు. ఇది పాత చిట్కా. అప్పుడే తెరిచిన కన్ను వెంటనే మళ్లీ మూతపడదు. కాకపోతే "మూడు" ఆలస్యంగా విన్న పిల్ల దొరికిపోతుంది. ఈ అమ్మాయి సంగతి అదే.

ఆరే ఎందుకంటే ఆయన అలవాటు అంటాడు. ఆ అలవాటు వెనక లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ ఇదే లెక్క కట్టి 2006లో గణితానికి ఇగ్ నోబెల్ అందుకున్నారు. నవ్వించి ఆపై ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. ఫోటోకు నిలబడ్డ మనిషి నిమిషానికి సుమారు పదిసార్లు కళ్లార్పుతాడు, ఒక్కో రెప్పపాటు పావు సెకను అని వాళ్లు తీసుకున్నారు. అంటే అరవై సెకన్లలో రెండున్నర సెకన్లు కన్ను మూసే ఉంటుంది, ఇరవై నాలుగులో ఒక వంతు. నలభై ఇద్దరు పిల్లల మీద పరిస్తే ఏ క్షణాన నొక్కినా సగటున దాదాపు ఇద్దరి కళ్లు మూసుకుని ఉంటాయి. అందరి కళ్లూ తెరుచుకున్న ఫ్రేము ఆరింటిలో ఒకటి దొరకొచ్చు. దొరికిన దాంట్లోనే ఎవరో ఒకరు ముక్కులో వేలు పెట్టుకుని ఉంటారు, అది వేరే సంగతి.

బడికిచ్చింది నాలుగో ఫ్రేము. మిగతా ఐదింటిలో ఈ పిల్ల కళ్లు ఎక్కడ బాగున్నాయో చూడాలి, ఆ కళ్లు అరువు తేవాలి. ఒకటో ఫ్రేములో నుదురు ముడిచి ఉంది. రెండులో కళ్లు చక్కగా ఉన్నాయి కానీ చూపు పక్క పిల్ల మీద ఉంది. మూడులో తల పక్కకు తిరిగింది. ఐదులో చూపు సూటిగా ఉంది, పెదాల మీద నవ్వుంది, కానీ తల కాస్త కుడికి వాలింది, పైగా అప్పుడే మబ్బు పట్టి వెలుగు తగ్గింది. ఆరులో ముందు వరస అబ్బాయి చెయ్యి అడ్డొచ్చింది. ఆయన ఐదో ఫ్రేము ఎంచుకుంటాడు. వాలిన తలను తిప్పి నిటారు చేయొచ్చు. పక్కకు తిరిగిన తలను ఎవరూ ఏమీ చేయలేరు, ఎందుకంటే అవతలి కన్ను అప్పటికే సన్నబడి, ముక్కు దాని మీదికి జరిగి ఉంటుంది. మబ్బు సంగతి సులువు.

అమ్మ పంపిన పాస్‌పోర్టు ఫోటోలోంచి కళ్లు తీయొచ్చు కదా అని అడుగుతాను. ఆయన దాన్ని నా ముందుకు జరుపుతాడు. అది ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసింది. కనుబొమ్మ కింద నీడే లేదు. కనుపాపలో తెల్లచుక్క నట్టనడుమ పడింది. ఈ చుక్కను క్యాచ్‌లైట్ అంటారు, వెలుగు ఎటునుంచి వచ్చిందో అది చెప్పేస్తుంది. బడి ఆవరణలో వెలుగు ఆకాశం నుంచి దిగింది కాబట్టి పిల్లలందరి కళ్లలోనూ చుక్క పైఅంచున ఉంది. నలభై ఒక్కమందికి పైన, ఒక్కరికి మధ్యలో ఉంటే చూసేవాడికి కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది. అయినా ఆ ఫోటోను ఆయన పక్కన పెట్టేయడు, మానిటరు అంచుకు టేపుతో అంటిస్తాడు.

కోత మొదలవుతుంది. ఐదో ఫ్రేములో పిల్ల ముఖం తెర నిండా పెంచి, లాసో అనే పనిముట్టుతో రెండు కళ్ల చుట్టూ ఒకటే గీత తిప్పుతాడు. గీత కంటి అంచున ఆగదు. పైన కనుబొమ్మలు దాటుతుంది, కింద చెంప ఎముక దాకా దిగుతుంది. నవ్వినప్పుడు చెంప పైకి లేచి కింది రెప్పను నెడుతుంది. ఒట్టి కన్ను మాత్రమే తెస్తే నవ్వే నోటి మీద బెదిరిన చూపు కూర్చుంటుంది. Ctrl+J నొక్కితే కోసిన ముక్క విడి పొర అవుతుంది. దాన్ని నాలుగో ఫ్రేములోకి లాగి మూసిన కళ్ల మీద పెడతాడు.

పొరను సగం పారదర్శకం చేస్తే కింది ముఖం, పై ముఖం రెండూ కనబడతాయి. Ctrl+T నొక్కి ముక్కును ముక్కుతో, చెంప మీది మచ్చను మచ్చతో కలుపుతూ తిప్పుతాడు. ఆరు డిగ్రీల దగ్గర రెండూ ఒకటవుతాయి. పొడవు వెడల్పులు మాత్రం ముట్టుకోడు. పిల్ల నిలబడ్డ చోటు మారలేదు, కెమెరా మారలేదు, కాబట్టి ముఖం కొలతా మారకూడదు. సాగదీయాల్సి వచ్చిందంటే ఫ్రేము ఎంపికే తప్పని ఆయన లెక్క.

తర్వాత వెలుగు. మబ్బులో తీసిన ముక్క ముఖం మీద నల్లకళ్లద్దంలా కనబడుతోంది. కర్వ్స్ అనే గీతను నడుమ పట్టుకుని కొంచెం పైకి లేపుతాడు, ముక్క తెల్లబడుతుంది. కానీ ఆ ముక్కలో నీలం ఎక్కువ, అందుకని ఒక పిసరు పసుపు కలుపుతాడు. చెంప దగ్గర రెండు పొరల చర్మం రంగు కలిసిందా లేదా అన్నదే పరీక్ష, కన్నును అసలు చూడడు. ఆ తర్వాత పొరకు మాస్కు తొడిగి, మెత్తని అంచున్న కుంచెతో చుట్టూ చెరిపేస్తూ వస్తాడు. మాస్కు అంటే కత్తిరించకుండా దాచడం, ఎక్కువ చెరిపితే మళ్లీ తెచ్చుకోవచ్చు. కనుబొమ్మల్లో సగం పాతవి, సగం కొత్తవి ఉంటే నాలుగు కనుబొమ్మలవుతాయి. అందుకని పాతవి పూర్తిగా కప్పేస్తాడు.

ఇక్కడిదాకా ఇరవై నిమిషాలు. తర్వాత పదిహేను నిమిషాలు ఆయన దాదాపు ఏమీ చేయనట్టే ఉంటుంది. పాస్‌పోర్టు ఫోటో చూస్తాడు, తెర చూస్తాడు. ముక్కను తెల్లబరిచినప్పుడు కంటి తెలుపు కూడా మెరిసిపోయింది, దాంతో కళ్లు ఉన్నదానికంటే పెద్దగా కనబడుతున్నాయి. కంటి తెలుపు నిజానికి తెల్లగా ఉండదు, రెప్ప నీడ పడి బూడిద రంగులో ఉంటుంది. ఆ నీడను కుంచెతో తిరిగి దించుతాడు. పాస్‌పోర్టు ఫోటోలో పిల్ల ఎడమ కన్ను కుడిదానికంటే కాస్త చిన్నది. ఐదో ఫ్రేములోనూ అంతే ఉంది, కానీ మాస్కు చెరిపేటప్పుడు పై రెప్ప అంచు పోయి రెండూ సమానమయ్యాయి. ఆయన రెండు కుంచె గీతలతో ఆ రెప్పను వెనక్కి తెస్తాడు. కన్ను మళ్లీ చిన్నదవుతుంది. తెర మీద అందం ఒక మెట్టు తగ్గింది, పోలిక వచ్చింది.

ఏ ఫ్రేములోనూ కళ్లు దొరకకపోతే? వేరే పిల్ల కళ్లు పెట్టేవాళ్లున్నారట. ఆయన పెట్టడు. అప్పుడు ఆ ఒక్క పిల్లను మళ్లీ బడిలో అదే నీడలో, అదే వేళకు నిలబెట్టి తీస్తాడు. వాళ్ల నాన్న రోజుల్లో ఆ వసతి కూడా లేదు. అచ్చేసిన ఫోటో మీదే సన్నకుంచెతో నల్లరంగు అద్దేవాడు. నాన్న చేత ఎక్కువగా తెరిపించుకున్నవి బడిపిల్లల కళ్లు కావు. బతికుండగా ఒక్క ఫోటో దిగని ముసలివాళ్లకు పోయాక తీసిన ఫోటోలు వచ్చేవి, దండ వేయడానికి. వాటికి కళ్లు గీయాలి. ఇంటివాళ్లు ఎదురుగా కూర్చుని "ఇంకొంచెం కిందికి చూసేటోడు" అని చెబుతుంటే నాన్న గీసేవాడట.

పెద్ద అచ్చుకు ముందు చిన్న అచ్చు. మూడో వరస ముక్కను అసలు ఫోటోలో ఉండే సైజులోనే నాలుగు బై ఆరు కాగితం మీదికి తెచ్చి, పది రూపాయలకు వేయిస్తాడు. తెర మీద పది రెట్లు పెంచి చూసినప్పుడు కనబడే అతుకు కాగితం మీద కనబడదు. తెర మీద కనబడని రంగు తేడా మాత్రం కాగితం మీద బయటపడుతుంది. ఈసారి ఏమీ బయటపడలేదు.

ఫైలును పెన్‌డ్రైవులో పెట్టి కోఠీ దిక్కున ఉన్న ల్యాబుకు పంపుతాడు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే బొమ్మ కుంచించుకుపోయి, ఇంత శ్రమపడ్డ ముప్పై చుక్కల్లో చాలావరకు పోతాయి. ల్యాబు యంత్రంలో లేజరు వెలుగు కాగితం మీద బొమ్మ రాస్తుంది. కాగితం 38 డిగ్రీల దగ్గరున్న డెవలపరులో నలభై ఐదు సెకన్లు మునుగుతుంది, మరో నలభై ఐదు సెకన్లు బ్లీచ్‌ఫిక్స్‌లో, అంటే రంగును నిలిపి మిగిలిన వెండిని కడిగేసే ద్రావణంలో. ఆ తర్వాత ఒకటిన్నర నిమిషం కడుగుడు, ఆపైన ఆరబెట్టడం. వేడి ఒకటి రెండు డిగ్రీలు తప్పినా చర్మం రంగు మారుతుంది. అందుకే పొద్దున్నే మొదటి అచ్చుగా తన పని ఇవ్వడు, యంత్రం కుదురుకున్నాక ఇస్తాడు. ఎనిమిది బై పన్నెండు అచ్చు అరవై రూపాయలు. రెండు వేయిస్తాడు.

రెండోది బడి ఆఫీసు గోడకు. మిగతా నలభై ఒక్క ఇళ్లలో ఈ పిల్ల నిద్రపోతూనే ఉంటుంది, దానికి ఆయన చేయగలిగింది లేదు.

పాత కార్డుబోర్డు మౌంటు నుంచి పాత ఫోటో ఊడదీసి కొత్తది అతికిస్తాడు. పాస్‌పోర్టు ఫోటో వెనక టేపు మరక గుడ్డతో తుడిచి కవరులో వేస్తాడు. కవరు మీద "5 బి, మూడో లైను, ఎడమ నుంచి 4" అని రాసి, కింద "పైసలు వద్దు" అని రాస్తాడు. చీటీని మాత్రం కవరులో పెట్టడు. బల్ల అద్దం లేపి కిందికి తోస్తాడు. అక్కడ ఇంకో ఐదారు చీటీలున్నాయి. పైకి కనబడుతున్న దాంట్లో ఎవరో పళ్లు అతికించమన్నారు.