నిఫ్టీ పెరిగింది, కాల్ ఎందుకు తగ్గింది?

“మామా, నిఫ్టీ వంద పాయింట్లు పెరిగింది కదా, నా కాల్ ఎందుకురా నష్టంలో ఉంది?” బడ్జెట్, ఎన్నికల ఫలితాల్లాంటివి అయిపోయిన మర్నాడు ప్రతి హాస్టల్లోనూ వినిపించే ప్రశ్నే ఇది. లెక్క వేసి చూద్దాం. కింది అంకెలు నేను బ్లాక్-షోల్స్‌తో, వడ్డీ సున్నా అనుకుని వేసినవి.

నిన్న నిఫ్టీ 24,000. 24,000 స్ట్రైక్ కాల్, ఎక్స్‌పైరీకి 9 రోజులు, ఐవీ 18 శాతం, ధర రూ. 270.6. ఇవాళ నిఫ్టీ 24,100, కానీ ఈవెంట్ అయిపోయింది కాబట్టి ఐవీ 14కి పడింది. కాల్ ధర 252.8. అంటే నష్టం 17.8.

ఈ నష్టాన్ని ముక్కలు చేయడానికి నిన్నటి ముగింపు గ్రీక్స్ తీసుకోవాలి, ఇవాళ్టివి కాదు.

```
dC ≈ delta*dS + 0.5*gamma*dS**2 + theta*dt + vega*dIV
```

డెల్టా 0.506, వంద పాయింట్లకి +50.6. గామా 0.00059, దాని వాటా +2.9 మాత్రమే. తీటా రోజుకి −15. వేగా కూడా 15, ఐవీ ఒక్కో పాయింటుకి. నాలుగు పాయింట్లు పడింది కాబట్టి −60.1. దొంగ దొరికాడు! మావాడు దిశ సరిగ్గానే చెప్పాడు, కాకపోతే ఐవీ బాగా ఎక్కువున్నప్పుడు కొన్నాడు.

అన్నీ కలిపితే −21.6. అసలు నష్టం 17.8 కదా, మిగతా 3.8 ఎక్కడిది? నేను మొదట కోడ్‌లో బగ్ అనుకున్నా. కాదు. రోజు గడిస్తే వేగా కూడా 15 నుంచి 14.2కి తగ్గుతుంది. ఐవీ పడితే తీటా తగ్గుతుంది. మనం రెండింటికీ నిన్నటి పెద్ద విలువలే వాడాం, అంటే ఒకే నష్టాన్ని కొంత రెండుసార్లు లెక్కేశాం. 3.8లో దాదాపు 3.4 ఇదే. మిగతాది ఐవీ పడ్డాక గామా పెరగడం వంటి వాటి వల్ల. కాబట్టి ఈ శేషాన్ని వేగాలోనో తీటాలోనో కలిపేసి లెక్క సరిచేయకండి, విడిగానే చూపించండి.

శేషం ఇంతకన్నా చాలా పెద్దగా వస్తే మాత్రం అనుమానించాలి. చాలా లైబ్రరీలు వేగాని ఐవీ 100 పాయింట్లకి ఇస్తాయి, మీరు దాన్ని 4తో గుణిస్తే లెక్క వందరెట్లు తప్పుతుంది. తీటా కూడా సంవత్సరానికి ఇస్తే 365తో భాగించాలి. శుక్రవారం నుంచి సోమవారానికి క్యాలెండర్ లెక్కలో `dt` మూడు రోజులు. ఐవీ బదులు ఇండియా విక్స్ పెట్టొద్దు, మీ స్ట్రైక్ ఐవీయే కావాలి. అది కూడా ఆఖరి ట్రేడ్ ధర నుంచి కాకుండా బిడ్, ఆస్క్‌ల మధ్య ధర నుంచి తీయండి. గంట క్రితం జరిగిన ట్రేడ్ ధరని ఇప్పటి నిఫ్టీతో కలిపితే, జరగని ఐవీ మార్పు ఒకటి పుట్టి వేగా ఖాతాలో పడుతుంది. అప్పుడు శేషం చిన్నగానే కనిపిస్తుంది, అందుకే ఈ తప్పు పట్టుకోవడం కష్టం. పక్క స్ట్రైక్‌ల ఐవీ కూడా అలాగే కదిలిందో లేదో చూస్తే తెలిసిపోతుంది.