జెండాలోని కాషాయం ఎల్ఈడీలో నిమ్మపండు రంగు ఎందుకవుతుంది?



ఆగస్టు వచ్చిందంటే మన కంచరపాలెం బ్రాంచ్ టింకరింగ్ ల్యాబ్‌లో దాదాపు ప్రతి టేబుల్ మీదా ఒక త్రివర్ణ ప్రాజెక్ట్ ఉంటుంది. ఆర్డుయినో ఉనో బోర్డుకి ఒక ఆర్‌జీబీ ఎల్ఈడీ తగిలించి, అదే ఎల్ఈడీ వంతులవారీగా కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో వెలిగేలా పిల్లలు ప్రోగ్రామ్ రాస్తారు. తెలుపు, ఆకుపచ్చ ఎలాగో సర్దుకుంటాయి. చిక్కంతా కాషాయం దగ్గరే. కంప్యూటర్ తెర మీద చక్కటి కాషాయంగా కనిపించిన అంకెలే ఎల్ఈడీకి ఇస్తే వెలిసిపోయిన నిమ్మపండు రంగు వస్తుంది.

"మిస్, తెర మీద చూసిన అంకెలే ఇచ్చాను, అయినా తప్పొస్తోంది" అని పిల్లలు అంటారు. ఇంట్లో చూసినవాళ్లు "కోడ్ ఎక్కడో తప్పు రాసుంటావు" అంటారు. కొందరు విసుగొచ్చి ఎల్ఈడీ మీద నారింజ రంగు జిలుగు కాగితం చుట్టేస్తారు, మరికొందరు రెడీమేడ్ మోడల్ కొనేస్తారు. నిజానికి పిల్లలు రాసిన కోడ్‌లో తప్పేమీ ఉండదు. ఆ అంకెలు ఎల్ఈడీ కోసం తయారైనవి కావు, అంతే. వాటిని ఎలా మార్చుకోవాలో ఈ నెల ఒక్క కాషాయాన్నే తీసుకుని చూద్దాం.

ముందుగా ఎల్ఈడీ సంగతి. పైకి ఒకటే దీపంలా కనిపించినా దాని లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చిన్న దీపాలుంటాయి. బయటికి నాలుగు కాళ్లు. అన్నిటికంటే పొడవైన కాలు మూడింటికీ ఉమ్మడి. పెయింటింగ్ క్లాసులో ఎరుపు, ఆకుపచ్చ కలిపితే బురద రంగు వస్తుంది, ఎందుకంటే రంగు పొడి వెలుగును మింగేస్తుంది. వెలుగులు కలిసినప్పుడు లెక్క కూడికలో సాగుతుంది. ఎరుపు వెలుగు, ఆకుపచ్చ వెలుగు కలిస్తే మన కంటికి పసుపు. ఆ ఆకుపచ్చను సగానికి పైగా తగ్గిస్తే నారింజ, దానికి నీలం చిటికెడు చేరిస్తే కాషాయం.

తగ్గించడం అంటే ఇక్కడ కరెంటు తగ్గించడం కాదు. ఆర్డుయినో పిన్‌కి తెలిసింది రెండే, పూర్తిగా వెలిగించడం, పూర్తిగా ఆర్పడం. అది సెకనుకు దాదాపు 490 సార్లు దీపాన్ని వెలిగించి ఆర్పుతుంది. ఒక్కో విడత సుమారు 2 మిల్లీ సెకన్లు. ఆ విడతలో ఎంత భాగం వెలిగి ఉండాలో మనం 0 నుంచి 255 వరకూ ఉన్న అంకెతో చెబుతాం. 128 అంటే సగం సేపు వెలుగు, సగం సేపు చీకటి. కన్ను అంత వేగాన్ని పట్టుకోలేదు కాబట్టి మనకు సగం వెలుగుగా అనిపిస్తుంది. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు.

ఇప్పుడు కాషాయం. తెర మీద మన జెండా బొమ్మ గీసేవాళ్లు ఎక్కువగా వాడే అంకెలు ఎరుపు 255, ఆకుపచ్చ 153, నీలం 51. (ఇవి తెర కోసం వాడే అంకెలు మాత్రమే. జెండా బట్ట రంగును భారతీయ ప్రమాణాల సంస్థ వేరే కొలతలతో నిర్దేశిస్తుంది.) 153 అంటే 255లో 60 శాతం. ఎల్ఈడీ దాన్ని అక్షరాలా పాటించి ఆకుపచ్చ దీపాన్ని 60 శాతం సేపు వెలిగిస్తుంది. కంప్యూటర్ తెర అలా చేయదు. 153 అని చెబితే అది ఇచ్చే ఆకుపచ్చ వెలుగు పూర్తి వెలుగులో దాదాపు మూడో వంతే.

ఇలా ఎందుకంటే, మన కన్ను మసక వెలుగులో చిన్న తేడాను కూడా పసిగడుతుంది, ప్రకాశవంతమైన వెలుగులో పెద్ద తేడాను కూడా పట్టించుకోదు. చీకటి గదిలో ఒక కొవ్వొత్తికి రెండోది తోడైతే వెంటనే తెలుస్తుంది. ఇరవై కొవ్వొత్తులకు ఇరవై ఒకటోది తోడైతే తెలియదు. అందుకే తెరల కోసం వాడే అంకెలను కంటికి మెట్లు సమానంగా అనిపించేలా అమర్చారు. ఆ అంకెను అసలు వెలుగుగా మార్చే పని తెర లోలోపలే చేసుకుంటుంది. ఈ మార్పును గామా అంటారు. ఆర్డుయినోలో ఆ పని చేసేవాళ్లు ఎవరూ లేరు, మనమే చేయాలి.

లెక్క పెద్దదేమీ కాదు. అంకెను 255తో భాగించి, వచ్చినదాన్ని 2.2 ఘాతానికి హెచ్చించి, మళ్లీ 255తో గుణించాలి. ఆకుపచ్చకు 0.6 కాస్తా 0.325 అవుతుంది, అంటే 153 బదులు 83. నీలానికి 0.2 కాస్తా 0.029 అవుతుంది, అంటే 51 బదులు 7. ఎరుపు 255గానే ఉంటుంది. నీలం సంగతి గమనించండి. మార్చకుండా ఇస్తే, ఉండాల్సినదానికి ఏడు రెట్లు నీలం పడుతోంది. రంగు వెలిసినట్టు కనిపించడానికి ముఖ్య కారణం ఆ అదనపు నీలమే.

ఇంతటితో సరిపోతుందని పిల్లలు అనుకుంటారు కానీ, రెండో చిక్కు ఇంకా మిగిలే ఉంది. ఎల్ఈడీలోని మూడు దీపాలూ సమాన బలం ఉన్నవి కావు. మూడింటినీ 255కి పెడితే తెలుపు రావాలి. చాలా ఎల్ఈడీల్లో వచ్చేది చల్లటి నీలిపచ్చ ఛాయ ఉన్న తెలుపు. అంటే ఎరుపు వెనకబడిందన్నమాట. అందుకని రంగుల జోలికి వెళ్లకముందే ముందుగా తెలుపును సరిచేయాలని నేను పట్టుబడతాను. ఎల్ఈడీ మీద ఒక బటర్ పేపర్ ముక్క కప్పి, పక్కనే ఖాళీ తెల్ల తెరతో ఫోన్ పెట్టి, దాని మీద కూడా అదే కాగితం కప్పాలి. ఫోన్‌లో నైట్ మోడ్ ఆపేయడం మరిచిపోకూడదు. ఎరుపును 255 దగ్గరే ఉంచి, రెండు కాగితాలూ ఒకేలా కనిపించేదాకా ఆకుపచ్చను, నీలాన్ని కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఉదాహరణకు ఒక ఎల్ఈడీకి ఆకుపచ్చ 140 దగ్గర, నీలం 128 దగ్గర తెలుపు కుదిరిందనుకుందాం. 255తో పోలిస్తే అవి సుమారు 0.55, 0.5. ఆ ఎల్ఈడీకి అవే గుణకాలు. ఇంకో ఎల్ఈడీకి, ఇంకో రెసిస్టర్‌కి అవి మారిపోతాయి కాబట్టి పక్క టేబుల్ నుంచి అరువు తెచ్చుకుంటే పని జరగదు. ఇక లెక్క పూర్తి చేద్దాం. ఆకుపచ్చ 83ను 0.55తో గుణిస్తే 46. నీలం 7.4ను సగం చేస్తే 4. అంటే ఈ ఎల్ఈడీకి కాషాయం 255, 46, 4. మొదటి అంకెలు 255, 153, 51తో పోల్చి చూస్తే నిమ్మపండు రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిపోతుంది. అప్పుడు ఆకుపచ్చ వెలుగు ఎరుపుకు సమానంగా, ఆ మాటకొస్తే కొంచెం ఎక్కువగానే పడింది. ఎరుపు, ఆకుపచ్చ సమానమైతే పసుపే కదా.

పిల్లల నోట్‌బుక్‌లో మీకు కనిపించే కోడ్‌లో ముఖ్యమైన భాగం ఇదే:

```
int fix(int v, float k) {
  return round(255 * k * pow(v / 255.0, 2.2));
}

analogWrite(9,  fix(255, 1.0));
analogWrite(10, fix(153, 0.55));
analogWrite(11, fix(51,  0.5));
```

పై మూడు వరుసలు లెక్క చేస్తాయి, కింది మూడు వరుసలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాళ్లకు దాన్ని పంపుతాయి. మామయ్యో, ట్యూషన్ సారో రాసిచ్చిన ప్రోగ్రామా, పిల్లలే రాసిందా అని మీకు సందేహం వస్తే, "0.55 ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడగండి. బటర్ పేపర్ కథ చెప్పగలిగితే పిల్లలదే.

వైరింగ్‌లో వచ్చే తప్పులు మాత్రం రెండు, మూడే. మూడు రంగు కాళ్లకూ విడివిడిగా 220 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. పని తగ్గుతుందని ఉమ్మడి కాలికి ఒకటే పెడితే, తెలుపు అడిగినప్పుడు ఎరుపే వెలిగి, మిగతా రెండూ మసకబారతాయి. ఎరుపు దీపానికి సుమారు 2 వోల్టులు చాలు, మిగతావాటికి 3 వోల్టుల పైన కావాలి. ఒకే దారి ఉన్నప్పుడు తక్కువ అడిగేది ముందు లాగేసుకుంటుంది. ఇంకొకటి, ఎరుపు అడిగితే నీలిపచ్చ వెలిగితే కంగారు పడనక్కర్లేదు. అది ఉమ్మడి కాలు 5 వోల్టులకు వెళ్లే రకం ఎల్ఈడీ, దానికి అన్నీ తిరగేసి ఇవ్వాలి. అంటే 46 బదులు 255 నుంచి 46 తీసేసి 209.

కాషాయంలో నీలం 4 దగ్గరకు దిగిందని చూశాం. అక్కడ 4 నుంచి 3కి దిగినా నాలుగో వంతు నీలం పోతుంది. ఉనో బోర్డు ఇచ్చే 256 మెట్లు ఇలాంటి అడుగు అంకెల దగ్గర మరీ ముతక. అందుకే ముదురు రంగులు నెమ్మదిగా మారుతున్నప్పుడు దీపం గెంతినట్టు కనిపిస్తుంది. దాన్ని పిల్లల పొరపాటుగా లెక్కేయకండి. అలాగే గోధుమ రంగు కావాలని ఏ పాపైనా మారాం చేస్తే, ఎల్ఈడీకి అది రాదని చెప్పండి. గోధుమ రంగంటే చుట్టూ ఉన్నవాటి కంటే మసకగా కనిపించే నారింజే. చీకట్లో ఒంటరిగా వెలిగే దీపానికి పోల్చుకోవడానికి పక్కన ఏమీ ఉండదు కాబట్టి అది నారింజగానే మిగులుతుంది.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన పెరిగే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. మూడు రంగులు ఒకే దీపంలో వస్తుంటే రైల్వే సిగ్నల్‌కి విడివిడి దీపాలెందుకు? నాకు నచ్చే ప్రశ్న ఇది. కలిపి చేసిన పసుపులో ఆకుపచ్చ దీపం మాడిపోతే మిగిలేది ఎరుపు, ఎరుపు మాడిపోతే మిగిలేది ఆకుపచ్చ. జాగ్రత్తగా రమ్మని చెప్పాల్సిన చోట దారి ఖాళీ అని చెప్పినట్టవుతుంది. విడి దీపం మాడిపోతే చీకటే మిగులుతుంది, అబద్ధపు రంగు రాదు.

చివరగా ఫోన్ ఫొటోల గురించి. ప్రాజెక్ట్ ఫొటో తీసి క్లాస్ గ్రూప్‌లో పెట్టినప్పుడు దీపం తెల్లటి చుక్కలా కనిపిస్తే, లేదా వీడియోలో నల్లటి చారలు పాకితే, ఎల్ఈడీని అనుమానించకండి. వెలుగు ఎక్కువై కెమెరా రంగును పట్టుకోలేకపోయింది, ఆ చారలేమో ఇందాక చెప్పిన 490 సార్ల వెలగడం, ఆరడమే. టేబుల్ టెన్నిస్ బంతికి చిన్న బెజ్జం చేసి ఎల్ఈడీని అందులో దూర్చండి, దీపాన్ని నేరుగా చూడకుండా బంతిని చూడండి. మూడు దీపాల వెలుగూ లోపలే కలిసిపోతుంది, అంచుల్లో ఎర్రటి, నీలపు నీడలు పడవు. ఎగ్జిబిషన్‌లో మేము మార్కులు వేసేది ఆ బంతి రంగును కంటితో చూసే.