ఎనిమిది నెలలా, ఎనిమిది ఏళ్లా?

యాదమ్మ ఓపెన్ స్కూల్లో పదో తరగతి చదువుతున్నది. తరగతులు ఆదివారాలే. ఇంతలో పత్తి ఏరే రోజులు వచ్చాయి. ఆ కూలి మళ్లీ దొరకదు. అందుకని మూడు ఆదివారాలు ఆమె తరగతికి పోలేదు. ఆ మూడు వారాల్లోనే బారువడ్డీ పాఠం అయిపోయింది.

పక్క వాడలో ఉండే సత్తెమ్మ ఒక్క తరగతి కూడా మానలేదు.

"అక్కా, నీ నోటుపుస్తకం ఒక్క రోజు ఇయ్యరాదే" అని అడిగింది యాదమ్మ.

"నాకూ లెక్కలు చేసేది ఉందమ్మా. ఫొటోలు తీసి పంపుత" అంది సత్తెమ్మ. ఐదు పేజీలు ఫొటో తీసి ఫోనులో పంపింది.

రాత్రి పిల్లలు పడుకున్నాక యాదమ్మ వాటిని చూసింది. పేజీలు వెనకా ముందూ వచ్చాయి. పేజీ పైన రాసిన తారీఖు చూసి వాటిని వరుసలో పెట్టుకుంది. ఒక ఫొటో మీద చెయ్యి నీడ పడింది. ఇంకొక ఫొటోలో పేజీ కుడి అంచు తెగిపోయింది.

ఫొటోలో ఉన్నది ఉన్నట్టు దించుకుంటే గంటలో అయ్యే పని. యాదమ్మ అట్లా చేయలేదు. ముందు పాఠ్యపుస్తకం తీసి, ఆ పాఠం మొదటి నుంచి చివరి దాకా చదివింది. అందులో సూత్రం ఇట్లా ఉంది:

వడ్డీ = అసలు × కాలం × వడ్డీ రేటు ÷ 100

కాలం ఏళ్లలో ఉండాలి. రేటు ఏడాదికి నూటికి ఎంతో చెప్పాలి. ఈ రెండు మాటలూ సత్తెమ్మ నోట్సులో లేవు. సార్ చెప్పే ఉంటాడు. వింటూ రాసే వాళ్లు అన్నీ రాయలేరు కదా!

తరువాత ఒక్కొక్క లెక్కా పుస్తకంతో పోల్చింది. ఒక లెక్కలో అసలు 12000 అని నోట్సులో ఉంది. అదే లెక్క పుస్తకంలో దొరికింది. అక్కడ 1200 అని ఉంది. పుస్తకంలోని అంకెతోనే జవాబు సరిపోయింది. సత్తెమ్మ ఒక సున్న ఎక్కువ వేసింది. పుస్తకంలోని లెక్క గనుక పుస్తకం చూసి దిద్దుకోవచ్చు.

చిక్కంతా తెగిన ఫొటోతో వచ్చింది. అది సార్ సొంతంగా చెప్పిన లెక్క. పుస్తకంలో లేదు. ఫొటోలో ఇంతే కనిపించింది: "అసలు 5000. వడ్డీ 2. కాలం 8". ఆ తరువాత మాట తెగిపోయింది. కింద జవాబు 800 అని ఉంది.

8 ఏళ్లు అనుకుని సూత్రం వేసింది. 5000 × 8 × 2 ÷ 100. జవాబు 800 వచ్చింది. సరిపోయింది! పెన్నుతో "ఏళ్లు" అని రాయబోయింది. అంతలో ఊరి మాట గుర్తొచ్చింది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నూటికి 2 రూపాయలు. అట్లా చూస్తే 5000కు నెలకు 100. 8 నెలలకు 800. అదీ సరిపోయింది!

జవాబు కలిసినంత మాత్రాన తను అనుకున్నది నిజమని తేలలేదు. యాదమ్మ పెన్ను పక్కన పెట్టింది. పెన్సిలుతో "8" పక్కన ప్రశ్న గుర్తు వేసింది. "నెలలా? ఏళ్లా? సార్‌ను అడగాలి" అని అంచున రాసుకుంది. కింద రెండు గీతలు ఖాళీ వదిలింది. నీడ పడిన పేజీలో "× 12 = 24" అని మసకగా కనిపించింది. నెలలే అయి ఉంటాయి అనిపించింది. అయినా ప్రశ్న గుర్తు చెరపలేదు.

ఆదివారం పెందలాడే పోయి సార్‌ను అడిగింది.

"నెలలేనమ్మా" అన్నాడు సార్. "నెలకు 2 అంటే ఏడాదికి 24. ఎనిమిది నెలలంటే పన్నెండింట ఎనిమిది వంతులు. సూత్రంలో వేసి చూడు."

5000 × 24 × 8 వేసి, దాన్ని 12తోనూ 100తోనూ భాగించింది. 800 వచ్చింది. ఖాళీ గీతల్లో పెన్నుతో ఎక్కించింది. అప్పుడు పెన్సిలు గుర్తు చెరిపింది.

ఆ వారమే యాదమ్మ విత్తనాల వ్యాపారి దగ్గర 15000 అప్పు అడిగింది. "రెండు రూపాయల వడ్డీ" అన్నాడు ఆయన. పుస్తకంలోలాగ ఏడాదికి 2 అనుకుంటే ఏడాది వడ్డీ 300. నెలకు 2 అయితే నెలకే 300. ఏడాదికి 3600.

"నెలకా, ఏడాదికా సేటూ?" అని అడిగింది యాదమ్మ.

"నెలకే. ఊళ్లో అందరికీ తెలిసిందే కద!"

"అయితే కాయితం మీద ఆ మాట రాయి" అంది.