హెల్మెట్‌లో దొరికిన వెంట్రుకలు

చిరంజీవి మేనల్లుడికి,

జుట్టు ఊడిపోతోందని హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టుకుని తిరుగుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదురా.

ముందు ఒక పని చెయ్యి. హెల్మెట్‌లో కనబడే వెంట్రుకలు ఓ పది ఏరి, వెలుతురులో పట్టి చూడు. ఒక చివర గసగసాల గింజకన్నా చిన్న తెల్లటి ముడి ఉంటే అది కుదురు నుంచి రాలింది. అలా రోజుకి 50 నుంచి 100 దాకా ఎవరికైనా రాలతాయి. గాలికి పోవాల్సినవి హెల్మెట్ లోపల చిక్కుకుని నిన్ను భయపెడుతున్నాయి. ముడి లేకుండా పొట్టిగా ఉన్నవి రాపిడికి తెగినవి. హెల్మెట్ తప్పేదైనా ఉంటే అక్కడే. గాలాడక కుదుళ్లు చస్తాయనే మాట నమ్మకు, వాటికి ప్రాణవాయువు రక్తం నుంచే అందుతుంది.

నీకు దువ్వినప్పుడల్లా తలంతటా జుట్టు ఊడుతోందట. శ్రావణంలో డెంగీతో ఆస్పత్రిలో ఉన్నావు, ఇప్పుడు కార్తీకం. పెద్ద జ్వరం వస్తే చాలా కుదుళ్లు ఒక్కసారే పెరగడం ఆపేస్తాయి. ఆ వెంట్రుకలు రెండు మూడు నెలలకి కలిసి రాలతాయి. ముప్పై ఏళ్లు మందుల షాపులో కూర్చున్నవాణ్ణి, జ్వరం తగ్గాక ఇలా కంగారుగా వచ్చినవాళ్లని ఎందరినో చూశాను. నాకు అనుమానం దానిమీదే. కుదుళ్లు బతికే ఉంటాయి కనక ఆరేడు నెలల్లో జుట్టు చాలావరకు మళ్లీ వస్తుంది. అలా కాకుండా నుదుటి మూలలు, నడినెత్తి మాత్రమే పలచబడుతుంటే అది మీ తాతయ్య నుంచి వచ్చిన బట్టతల. ఆలస్యం చేయకుండా చర్మవ్యాధుల డాక్టరుకి చూపించు.

ఇక చెమట సంగతి. నువ్వు పొద్దున్నే తలస్నానం చేసి తడితలమీదే హెల్మెట్ పెట్టేస్తావు. తడి వెంట్రుక సాగి తొందరగా తెగుతుంది. పైగా చెమట, జిడ్డు కలిసి చుండ్రు పెరుగుతుంది, దురదకి గోకితే ఇంకా రాలుతుంది. ఫ్యాను కింద బాగా ఆరనిచ్చి, పలచని నూలు రుమాలు కట్టుకుని పెట్టుకో. రుమాలు రోజుకొకటి మార్చు. లోపలి మెత్తలు ఊడదీసి వారానికోసారి గోరువెచ్చని నీళ్లలో కాస్త షాంపూ వేసి ఉతికి నీడలో ఆరబెట్టు. పెట్రోలుతో మాత్రం తుడవకు, లోపలి థర్మోకోల్ కరిగిపోతుంది. చుండ్రు ఉంటే కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నురగ ఐదు నిమిషాలు ఉంచి కడుక్కో. అలా నాలుగు వారాలు చూడు. గుండ్రటి మచ్చలుగా ఊడినా, చీము పొక్కులు వచ్చినా డాక్టరే చూడాలి.

వదులు హెల్మెట్ ఎక్కువ రాస్తుంది. తల ఊపితే తలతోపాటే కదిలే సైజు కొనుక్కో. మరీ బిగుతుదీ వద్దు, ఒకేచోట ఒత్తితే అక్కడి వెంట్రుకలు తెగుతాయి.

రేపు బండి తీసేముందు స్ట్రాప్ బిగించుకుని, ఆ ఫోటో ఒకటి మీ అమ్మకి పంపు.

నీ మామయ్య