పిల్లల తొలి వాచీ: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. పుట్టినరోజుకి అంకెలు వెలిగే బొమ్మ వాచీ కొన్నాం. టైమెంతంటే ‘సెవెన్ ఫార్టీఫైవ్’ అని గడగడా చదువుతాడు. ఎనిమిదింటి బస్సుకి ఇంకా ఎంతసేపుందిరా అంటే తెల్లమొహం వేస్తాడు. ముళ్ల వాచీ కొనమంటారా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: తప్పకుండా కొనండమ్మా. మీవాడు చదువుతున్నది అంకెల్ని, కాలాన్ని కాదు. మన భాషలో ఏడుంబావు, ఏడున్నర, పావు తక్కువ ఎనిమిది అంటాం. గంటల ముల్లు నడిచే దారి అదే. ఏడు దాటి పావు వంతు, సగం, ఎనిమిదికి పావు వంతు ఇవతల. మొదటి వారం రోజులు గోడ గడియారంలో చిన్న ముల్లు ఒక్కటే చూపించి ‘ఏడు దాటిందా? సగానికి వచ్చిందా?’ అని అడగండి. నిమిషాల లెక్క తర్వాత. చాలామంది పెద్ద ముల్లుతో మొదలుపెడతారు, పిల్లలు తడబడేది అక్కడే.

డయల్ మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అన్ని అంకెలూ ఉండాలి. అంచున 5, 10, 15 అంటూ నిమిషాలూ ఉండాలి. రెండు ముళ్లకూ వేరువేరు రంగులుంటే మంచిది. డయల్ నిండా కార్టూన్ బొమ్మ ఉంటే ముల్లు అందులో కలిసిపోతుంది. కొట్లోనే కీ బయటికి లాగి ఏడున్నర పెట్టి చూడండి. చిన్న ముల్లు ఏడుకీ ఎనిమిదికీ సరిగ్గా మధ్యన నిలవాలి. ఏడు మీదే ఉందా, ఆ వాచీ పిల్లాడికి తప్పు నేర్పుతుంది, తిరిగిచ్చేయండి. అద్దం చుట్టూ ఉన్న అంచు కాస్త ఎత్తుగా ఉంటే, గోడకు తగిలినా దెబ్బ అంచు మీదే పడుతుంది.

ప్రశ్న: వెనక ‘30 మీటర్లు’ అని ఉంది. ఈతకి పెట్టొచ్చా?

జవాబు: వద్దు. అది చేతులు కడిగేటప్పుడు పడే తుంపరలకే.

ప్రశ్న: స్ట్రాప్ కింద పాపకి దద్దుర్లు వస్తున్నాయి. మెటల్ చైను మారిస్తే తగ్గుతాయా?

జవాబు: చైను వద్దు, సందుల్లో చర్మం నలుగుతుంది. కొందరికి నికెల్ కూడా పడదు. వాచీ అడుగు నుంచి దూరిపోయే ఒకే పొడుగు నైలాన్ పట్టీ, వెల్క్రోది వేయండి. లోహం ఒంటికి తగలదు, ఒక పక్క పిన్ను ఊడినా వాచీ జారిపోదు. పట్టీ కింద మీ చిటికెన వేలు దూరాలి. వారానికోసారి సబ్బుతో ఉతికి, పూర్తిగా ఆరాకే కట్టండి. దద్దుర్లు తగ్గేదాకా మాత్రం ఏ పట్టీ వద్దు.

ప్రశ్న: చవక వాచీల వెనక మూత గోటితోనే ఊడొస్తోంది. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. స్క్రూలతో బిగించిన మూతున్నదే కొనండి. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే మరీ జాగ్రత్త. బటన్ సెల్ మింగితే, ముఖ్యంగా లిథియం సెల్ అయితే, గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగిందని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకండి. వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.