"ఓనర్‌షిప్ లేదు" అన్న చోట ఏం రాయాలి?

అప్రైజల్ ఫారంలో టీమ్ లీడ్ రాసింది రెండే ముక్కలు: "ఓనర్‌షిప్ లేదు. ప్రతిదానికీ వెంటపడాలి." దీన్ని తిరగరాసే పని మేనేజర్‌కో హెచ్ఆర్‌కో పడితే, ముందు చేసేది మాటలు మెత్తబరచడం: "మరింత చొరవ చూపితే బాగుంటుంది." నన్నడిగితే ఇది మొదటిదానికన్నా చేటు. అందులో లీడ్ విసుగైనా తెలిసేది, ఇందులో తప్పు జరిగిన సంగతే తెలియదు. రేటింగ్ మాత్రం తక్కువే వస్తుంది. ఎందుకో ఆ ఉద్యోగికి అంతు పట్టదు.

తిరగరాత కాగితం మీద కాదు, లీడ్‌తో పది నిమిషాల మాటతో మొదలవ్వాలి. "ఏ రోజు, ఏం చూసి మీకలా అనిపించింది?" అని అడగండి. కస్టమర్ సపోర్ట్ టీమ్ అనుకుందాం. లీడ్ తన మెయిళ్లు వెతికి చెబుతారు: మార్చిలో రెండు, ఏప్రిల్‌లో ఒక టికెట్ నోట్సు లేకుండా తర్వాతి షిఫ్ట్‌కు వెళ్లాయి. రాత్రి షిఫ్ట్ వాళ్లు కస్టమర్‌ను మళ్లీ మొదటినుంచి అడగాల్సి వచ్చింది. ఆ రెండు ముక్కల వెనక ఉన్నది ఇంతే.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి: "ఆ మూడు రోజులూ షిఫ్ట్ చివర ఏం జరిగింది?" మూడుసార్లూ ఆఖరి అరగంటలోనే కొత్త టికెట్ వచ్చి పడిందట, కింద క్యాబ్ ఎదురుచూస్తోందట. అంటే ఉద్యోగి మార్చుకోవలసింది కొంత, లీడ్ సర్దవలసింది కొంత. రెండూ రాతలోకి రావాలి.

ఇప్పుడు ఇలా రాయొచ్చు: "మార్చిలో రెండు, ఏప్రిల్‌లో ఒక టికెట్ నోట్సు లేకుండా తర్వాతి షిఫ్ట్‌కు వెళ్లాయి. దాంతో కస్టమర్లు చెప్పిందే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇకమీదట షిఫ్ట్ ముగియడానికి 15 నిమిషాల ముందు, మీ దగ్గరున్న ప్రతి టికెట్‌లో మూడు సంగతులు రాయండి: ఇంతవరకు ఏం చూశారు, ఏం మిగిలింది, కస్టమర్‌కు ఎప్పటికల్లా చెబుతామన్నారు. ఆఖరి అరగంటలో మీకు కొత్త టికెట్ ఇవ్వం. నాలుగు వారాల తర్వాత, ఈలోగా మీరు నోట్సు రాసిన టికెట్లు కలిసి చూద్దాం."

"ఓనర్‌షిప్ లేదు", "ప్రతిదానికీ వెంటపడాలి" అన్న మాటలు వాటంతట అవే రాలిపోయాయి చూడండి. మనిషి స్వభావం మీద తీర్పు పోయి, జరిగిన పని మిగిలింది. ఈ రాత చదివినవాళ్లకు సోమవారం షిఫ్ట్‌లో ఏం చేయాలో తెలుస్తుంది.

లీడ్‌కు ఒక్క సంఘటనా గుర్తు రాకపోతే మీరు ఊహించి నింపొద్దు, ఆ వ్యాఖ్యనే తీసేయమనండి. రాసింది పంపేముందు ఆయనకే చూపించాలి కూడా. రేపు మీటింగ్‌లో "ఏ టికెట్ సార్?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది ఆయనే.